జొమాటో షేరు పెరిగితే డబ్బు ఎవరికి?

2021 జులైలో జొమాటో ఐపీఓకు వచ్చింది, అంటే తొలిసారి తన షేర్లను జనానికి అమ్మకానికి పెట్టింది. షేరు ధర 76 రూపాయలు. కనీసం 195 షేర్లకు, అంటే 14,820 రూపాయలకు దరఖాస్తు చేయాలి. ఆ సొమ్ము మన బ్యాంకు ఖాతాలోనే బ్లాక్ అయి ఉంటుంది, షేర్లు అలాట్ అయితేనే కట్ అవుతుంది. ఇదే ప్రైమరీ మార్కెట్.

అప్పుడు సమీకరించిన 9,375 కోట్లలో 9,000 కోట్లు కొత్త షేర్ల మీద కంపెనీకి వచ్చాయి. మిగతా 375 కోట్లు పాత వాటాదారైన ఇన్ఫో ఎడ్జ్‌కు వెళ్లాయి, అది తన షేర్లు కొన్ని అమ్ముకుంది కాబట్టి. ఐపీఓ సొమ్మంతా కంపెనీకే అనుకునేవాళ్లు ఇక్కడే పొరపడతారు. 2022లో ఎల్‌ఐసీ ఐపీఓ సొమ్ము మొత్తం ప్రభుత్వానికే పోయింది, ఎల్‌ఐసీకి రూపాయి కూడా రాలేదు.

జులై 23న జొమాటో ఎన్‌ఎస్‌ఈ అనే స్టాక్ ఎక్స్ఛేంజీలో 116 రూపాయల దగ్గర లిస్టయింది. ఇక్కడి నుంచి సెకండరీ మార్కెట్, అంటే ఇన్వెస్టర్లు తమలో తాము షేర్లు కొని అమ్ముకునే చోటు. ఆ పెరిగిన 40 రూపాయలు అలాట్‌మెంట్ దొరికి, అదే రోజు అమ్మేసినవాళ్ల జేబులోకి వెళ్లాయి. కంపెనీకి ఒక్క పైసా అదనంగా రాలేదు.

మరి 116 అని ఎవరు తేల్చారు? ఎక్స్ఛేంజీ కాదు. దాని దగ్గర అమ్మడానికి షేర్లూ ఉండవు, ధర మీద అభిప్రాయమూ ఉండదు. లిస్టింగ్ రోజు ఉదయం కొనేవాళ్ల, అమ్మేవాళ్ల ఆర్డర్లన్నీ పోగుచేసి, ఏ ధర దగ్గర ఎక్కువ షేర్లు చేతులు మారతాయో చూసి అక్కడ మొదలుపెడుతుంది. ఆ తర్వాత ఎక్కువ ఇస్తానన్న కొనుగోలుదారుకు, తక్కువకు ఇస్తానన్న అమ్మకందారుకు ముందు వరస. ధర ఒకటే అయితే ముందు వచ్చిన ఆర్డరుకే అవకాశం. అవతల ఉన్నదెవరో మనకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. క్లియరింగ్ కార్పొరేషన్ ఇద్దరికీ మధ్య నిలబడి సొమ్ముకూ షేర్లకూ పూచీ పడుతుంది. ఇప్పుడు మామూలుగా మర్నాటికల్లా లెక్క తేలిపోతుంది.

అమ్ముకునే వీలు కల్పించడం వరకే ఎక్స్ఛేంజీ పని, ఫలానా ధర వస్తుందన్న హామీ ఉండదు. ఐపీఓకు ముందటి ఇన్వెస్టర్లు ఏడాది దాకా షేర్లు అమ్మకూడదన్న లాకిన్ గడువు 2022 జులైలో ముగియగానే అమ్మకాలు వెల్లువెత్తి, షేరు 50 రూపాయల దిగువకు జారింది.

రోజువారీ ధరతో కంపెనీకి పని లేదనుకోవద్దు. 2024 నవంబరులో జొమాటో మళ్లీ ప్రైమరీ మార్కెట్‌కు వచ్చింది, ఈసారి క్యూఐపీ పద్ధతిలో, పెద్ద సంస్థలకు మాత్రమే. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన ప్రకారం ఇందులో కనీస ధరను అంతకుముందు రెండు వారాల ఎక్స్ఛేంజీ ధరల సగటును బట్టి లెక్కగడతారు, దాని మీద 5 శాతం దాకా తగ్గించవచ్చు. అలా 252.62 రూపాయలకు అమ్మి 8,500 కోట్లు తెచ్చుకుంది. 2021లో 9,000 కోట్ల కోసం సుమారు 118 కోట్ల షేర్లు ఇవ్వాల్సివస్తే, ఈసారి 34 కోట్ల లోపే సరిపోయాయి.