ఉడికేటప్పుడు గుడ్డు ఎందుకు పగులుతుంది?

గుడ్లు ఉడుకుతున్నప్పుడు గంజులోకి చూస్తే, నీళ్లు వేడెక్కేకొద్దీ ప్రతి గుడ్డు మొద్దు కొన నుంచి సన్నటి బుడగలు పైకి వస్తుంటాయి. అది గుడ్డు లోపలున్న గాలి. అది సాఫీగా బయటికి పోతే పెంకు నిలుస్తుంది. పోలేకపోతే పగులుతుంది.

కోడి పెట్టినప్పుడు గుడ్డు దాని ఒంటి వేడితోనే, అంటే దాదాపు 41 డిగ్రీలతో బయటికి వస్తుంది. చల్లారేకొద్దీ లోపలి సొన కొంచెం కుంచించుకుపోతుంది. దాంతో మొద్దు కొన దగ్గర పెంకు కింది రెండు పొరలు విడిపోయి, మధ్యలో గాలి చేరుతుంది. పెంకుకు కంటికి కనబడని రంధ్రాలు వేలల్లో ఉంటాయి. రోజులు గడుస్తుంటే వాటి గుండా తేమ ఆరిపోయి, ఆ గాలి గది పెద్దదవుతుంది. మే నెల నల్లగొండ ఎండల్లో, బయట ట్రేలో పెట్టిన గుడ్డులో ఇది మరీ తొందరగా జరుగుతుంది.

ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్డు 4 డిగ్రీల దగ్గర ఉందనుకుందాం. దాన్ని నేరుగా మరిగే నీళ్లలో వేస్తే, లోపలి గాలి 100 డిగ్రీల వైపు వేడెక్కుతూ మూడో వంతు పైగా వ్యాకోచించాలని చూస్తుంది. బయట 35 డిగ్రీల్లో ఉన్న గుడ్డయితే ఆ పెరుగుదల ఐదో వంతే. అంత గాలి ఒక్కసారిగా ఆ చిన్న రంధ్రాల్లోంచి పోలేదు. పైగా పెంకు బయటివైపు ముందే వేడెక్కి, లోపలివైపు ఇంకా చల్లగానే ఉంటుంది. ఎక్కడ సన్నటి గీత ఉంటే అక్కడ విచ్చుకుంటుంది.

ఎండాకాలంలో పెంకే పలచబడటం ఇంకో సంగతి. జడ్చర్ల, షాద్‌నగర్ వైపు ఫారాల్లో కోళ్లు వేడికి నోరు తెరిచి రొప్పుతుంటాయి. అలా రొప్పినప్పుడు రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోతుంది. పెంకు అంతా దాదాపు కాల్షియం కార్బోనేటే కాబట్టి, దానికి కావలసిన కార్బోనేట్ కరువై పెంకు సన్నగా తయారవుతుంది.

కాబట్టి గుడ్లను ఫ్రిజ్‌లోంచి అరగంట ముందే తీసి పెట్టండి. రెండు గుడ్లను మెల్లగా తాకించి వినండి, సన్నటి పగులున్నది బొంగురుగా మోగుతుంది. దాన్ని ఆమ్లెట్‌కు పక్కన పెట్టుకోవచ్చు. మిగతావాటిని ఒకే వరుసలో పేర్చి, మామూలు నీళ్లు మునిగేదాకా పోసి, మధ్య మంట మీద పెట్టండి. మరగడం మొదలవగానే మంట బాగా తగ్గించాలి. తెర్లే నీళ్లలో గుడ్లు గిన్నె అడుగుకు, ఒకదానికొకటి కొట్టుకునే చాలా పగులుతాయి. 10 నిమిషాల్లో పచ్చసొన గట్టిపడుతుంది. ఈ పద్ధతిలో పెంకు తీయడం కొంచెం కష్టమే, తాజా గుడ్లయితే మరీను. అయినా నీళ్లలోకి తెల్లసొన కారిపోవడం కంటే అదే నయం.

మన ఇళ్లలో నీళ్లలో వేసే ఉప్పు పగులును ఆపదు. పగిలిన చోట తెల్లసొన తొందరగా గడ్డకట్టి, ఆ సందు మూసుకునేలా చేస్తుంది, అంతే. అందుకు చిటికెడు చాలదు, లీటరు నీళ్లకు ఒకటి రెండు చెంచాలు వేయాలి.