వెదురు బీమ్, స్టీల్ బీమ్: మొదటి పగులు తర్వాత కథ

సివిల్ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల్లో ఏటా కనిపించే అంశమిది. ఒక బీమ్‌లో వెదురు బద్దలు, ఇంకోదాంట్లో స్టీల్ కడ్డీలు పెట్టి పోస్తారు. 28 రోజులు క్యూరింగ్ చేసి లోడింగ్ ఫ్రేమ్ కింద పెడతారు. మొదటి పగులు ఎంత లోడుకు వచ్చింది, బీమ్ ఎంతకు విరిగింది అని రెండు అంకెలు రాసుకుంటారు.

ఈ పోలిక వందేళ్ల కిందటిది. 1914లోనే అమెరికాలోని ఎంఐటీలో హెచ్.కె. చౌ కాంక్రీటులో వెదురు వాడకంపై థీసిస్ రాశారు. తర్వాత పెద్ద ఎత్తున పరీక్షలు చేసింది క్లెమ్సన్ కాలేజీలో హెచ్.ఇ. గ్లెన్. 1950లో ఆయన ఇచ్చిన నివేదిక ప్రకారం, బీమ్‌లో 3-4 శాతం వెదురు పెడితే లోపల కడ్డీ గానీ బద్ద గానీ లేని అదే సైజు బీమ్ కంటే నాలుగైదు రెట్లు లోడు మోసింది. వెదురు మీద ఆశ పెరిగింది ఈ అంకెతోనే. కానీ ఆయన పోల్చింది ఉత్త కాంక్రీటుతో, స్టీల్ బీమ్‌తో కాదు. ఈ తేడా మరిచిపోయి ఆ ఫలితాన్ని చెప్పుకోవడం నేటికీ మానలేదు.

స్టీల్‌తో పోలిస్తే ఏమవుతుందో లెక్క వేసి చూద్దాం. బీమ్ 150 మి.మీ. వెడల్పు, 200 మి.మీ. లోతు, స్పాన్ 1 మీటరు, ఎం20 కాంక్రీటు. లోడును స్పాన్‌లో మూడో వంతుల దగ్గర రెండు చోట్ల పెడతాం. కాంక్రీటుకు భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం ఈ కాంక్రీటు వంపులో సుమారు 3.1 ఎంపీఏ దగ్గర పగులుతుంది. అంటే మొదటి పగులు దాదాపు 19 కిలోన్యూటన్లకు రావాలి. లోపల ఉన్నది స్టీలైనా వెదురైనా ఈ అంకె పెద్దగా మారదు, ఎందుకంటే అప్పటిదాకా లోడు మోసేది ముఖ్యంగా కాంక్రీటే. పైగా వెదురు గట్టిదనం, అంటే ఎలాస్టిక్ మాడ్యులస్, సుమారు 15 జీపీఏ. కాంక్రీటుది 22, స్టీలుది 200. కాంక్రీటు కంటే మెత్తగా సాగే పదార్థం పగులును ఆపలేదు.

అసలు తేడా పగిలిన మరుక్షణం తెలుస్తుంది. అప్పటిదాకా కాంక్రీటు పట్టిన లాగుడంతా, సుమారు 21 కిలోన్యూటన్లు, ఒక్కసారిగా కడ్డీల మీద పడుతుంది. 10 మి.మీ. కడ్డీలు రెండైతే వాటిలో ఒత్తిడి 133 ఎంపీఏ, సాగుదల 0.07 శాతం. వాటి బదులు 20×10 మి.మీ. వెదురు బద్దలు రెండు పెడితే వైశాల్యం రెండున్నర రెట్లు ఉన్నా సాగుదల 0.35 శాతం. అంటే ఐదు రెట్లు. కాబట్టి పగులు వెడల్పవుతుంది, బీమ్ కళ్ల ముందే కిందికి వంగుతుంది. వంపును కొలిచే డయల్ గేజ్ ముల్లు గబుక్కున తిరిగిపోతుంది. స్టీల్ బీమ్‌లో కడ్డీల చుట్టూ కట్టే రింగులు, అంటే స్టిరప్స్, సరిగ్గా ఉంటే సన్నని పగుళ్లు చాలా వచ్చి, సుమారు 70 కిలోన్యూటన్ల దాకా మోయగలదు. వెదురులో ఒకటి రెండు పెద్ద పగుళ్లే వస్తాయి.

వెదురు 120 ఎంపీఏ తట్టుకుంటుందనుకుంటే కాగితం మీద 43 కిలోన్యూటన్లు రావాలి. చాలా బీమ్‌లు అంతదాకా పోవు. కారణం వెదురుకూ కాంక్రీటుకూ మధ్య పట్టు చాలకపోవడం. తడి కాంక్రీటులో బద్ద నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, లోపలి నుంచి కాంక్రీటును తోస్తుంది. క్యూరింగ్ అయ్యాక ఎండి కుంచించుకుపోయి చుట్టూ సందు మిగులుస్తుంది. మొదటి పగులు లెక్క కంటే ముందే వచ్చిందంటే ఈ ఉబ్బును అనుమానించాలి. విరిగిన తర్వాత కాంక్రీటు కొట్టి చూస్తే సంగతి తెలిసిపోతుంది. బద్ద చెక్కుచెదరకుండా జారి ఉంటే పోయింది పట్టు. కణుపు దగ్గర తెగి ఉంటే పోయింది వెదురు. రిపోర్టులో రాయాల్సిన ముఖ్యమైన మాట ఇదే, చాలామంది రాయరు.

1966లో అమెరికా నేవీ కోసం బ్రింక్, రష్ తయారుచేసిన నివేదిక దీనికి ఉపాయాలు చెప్పింది. కనీసం మూడేళ్ల వయసుండి, గోధుమ రంగుకు తిరిగిన వెదురునే కొట్టాలి. మూడు నాలుగు వారాలు ఆరబెట్టాలి. తారు ఎమల్షన్ పలచగా పూయాలి, మందంగా పూస్తే అదే జారుడు పూతగా మారుతుంది. డిజైన్‌లో వెదురుకు వాళ్లు అనుమతించిన లాగుడు ఒత్తిడి సుమారు 28 ఎంపీఏ మాత్రమే. మన బీమ్‌లో ఆ పరిమితికి 10 కిలోన్యూటన్లే వస్తాయి, అంటే మొదటి పగులుకు కావాల్సిన దాంట్లో సగం. తర్వాత బ్రెజిల్‌లో ఖోస్రో ఘవామి పూతకు ఇసుకను, చుట్టిన తీగను జోడించి పట్టును మెరుగుపరిచారు. పట్టు పెరిగింది గానీ సాగే గుణం మారలేదు.

2018లో ఆర్కిలా, కమిన్స్‌కీ, హారీస్ తదితరులు అప్పటిదాకా వచ్చిన పరీక్షలన్నీ తిరగేసి, నిర్మాణ బీమ్‌లలో స్టీలుకు వెదురు సరైన ప్రత్యామ్నాయం కాదని తేల్చారు. వాళ్ల అభ్యంతరాల్లో గట్టిదనం, పట్టుతో పాటు మన్నిక కూడా ఉంది. సిమెంటు క్షారం, తేమ కలిసి వెదురు నారను కాలక్రమంలో బలహీనం చేస్తాయి. 28 రోజుల పరీక్షకు ఇది దొరకదు. అందుకే బీమ్‌లు పోసేటప్పుడే రెండు అదనంగా పోసి, ఆరు నెలలు తడుపుతూ ఆరబెడుతూ ఉంచి, తర్వాతి బ్యాచ్ చేత విరగ్గొట్టించడం మంచిది.