వీరగల్లు త్రీడీ మోడల్: ముందు కొలత, తర్వాత కోత

ఊరి పొలిమేరలో ఒక వీరగల్లు, అంటే వీరుడి జ్ఞాపకంగా చెక్కి నిలిపిన రాయి, ఉందనుకుందాం. ఎత్తు సుమారు మనిషి ఛాతీ వరకు, కాళ్ల దగ్గర గడ్డి, వెనక ప్రహరీ గోడ, పక్కన వేపచెట్టు. చుట్టూ తిరుగుతూ ఫోన్‌తో ఎనభై, తొంభై ఫోటోలు తీసి మెష్‌రూమ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌కి ఇస్తే కొన్ని గంటల్లో మోడల్ తయారవుతుంది. లక్షల చిన్న త్రిభుజాలతో అల్లిన ఈ ఉపరితలాన్నే మెష్ అంటారు.

తెరిచి చూస్తే అందులో రాయి ఒక్కటే ఉండదు. నేల, గోడలో సగం, వేపచెట్టు మొదలు, గాల్లో తేలే తునకలు అన్నీ ఉంటాయి. వాటిని చూడగానే తుడిచేయాలనిపిస్తుంది. కానీ కంటికి కనపడని లోపం ఇంకొకటి ఉంది. మోడల్‌లో రాయి ఎత్తు 2 అని వస్తుంది. 2 ఏమిటి? మీటర్లు కాదు, అడుగులూ కాదు, వట్టి 2.

ఫోటోల్లో నిజమైన పరిమాణం ఉండదు. రాయిని పది రెట్లు పెంచి, కెమెరా దూరాలను కూడా పది రెట్లు పెంచితే ఫోటోలన్నీ అచ్చం అలాగే వస్తాయి. పాత సినిమాల్లో మినియేచర్ కోట మనల్ని నమ్మించేది ఇందుకే. కాబట్టి సాఫ్ట్‌వేర్ ఆకారాన్ని మాత్రమే తేల్చగలదు, పరిమాణాన్ని తనకు తోచినట్టు పెట్టుకుంటుంది. ఫోన్ ఫోటోల్లో జీపీఎస్ ఉంటుంది కదా అనుకోవచ్చు. డ్రోన్‌తో కొండను తీసేటప్పుడు అది కొంత పనికొస్తుంది. కానీ ఫోన్ జీపీఎస్‌లో కొన్ని మీటర్ల తేడా మామూలే, మన రాయి మొత్తం ఎత్తే మీటరు పైచిలుకు.

అందుకే కొలతను ఫోటోలు తీసే చోటికే తీసుకెళ్లాలి. రెండు గట్టి చెక్క పట్టీలు తీసుకుని, ఒక్కోదాని మీద సరిగ్గా 500 మి.మీ. దూరంలో రెండు నలుపు తెలుపు గుర్తులు అంటించాలి. ఒక పట్టీని రాయి పక్కన నిలువుగా గుచ్చి, రెండోదాన్ని రాయి ముందు అడ్డంగా పడుకోబెట్టాలి. చివరి ఫోటో అయ్యేదాకా వాటిని కదపకూడదు, రాతి మీద చెక్కిన బొమ్మలకు ఆనించకూడదు.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. ఆ పట్టీలు ఉండేది చెత్తలోనే. ముందుగా శుభ్రం చేస్తే గడ్డి, గోడలతో పాటు కొలత కూడా పోతుంది. కాబట్టి మొదటి పని కొలవడం.

మెష్‌లను సరిదిద్దే ఉచిత సాఫ్ట్‌వేర్ మెష్‌ల్యాబ్‌లో మోడల్ తెరిచి, కొలత సాధనంతో నిలువు పట్టీ మీది రెండు గుర్తుల మధ్య దూరం చూస్తే 0.8342 వచ్చిందనుకుందాం. గుర్తుల మీద క్లిక్ చేయడంలో చెయ్యి కాస్త అటూ ఇటూ పోతుంది కనుక మూడు నాలుగుసార్లు కొలిచి సగటు తీసుకోవడం మంచిది. ఇప్పుడు లెక్క చాలా చిన్నది:

```
500 / 0.8342 = 599.38
```

`Transform: Scale, Normalize` అనే ఫిల్టర్‌లో మూడు అక్షాలకీ ఇదే గుణకం ఇస్తే మోడల్ మొత్తం మిల్లీమీటర్లలోకి వస్తుంది. 2.002 అని ఉన్న రాయి ఎత్తు దాదాపు 1200 అవుతుంది, అంటే 1.2 మీటర్లు. ఆ ఫిల్టర్‌లోనే ఉన్న `Freeze Matrix` టిక్ తీసేయకండి. అది లేకపోతే గుణకం బిందువులకు అంటకుండా విడిగా ఉండిపోయి, సేవ్ చేసిన ఫైల్ పాత పరిమాణంలోనే బయటికి రావచ్చు.

రెండో పట్టీ పని ఇప్పుడు మొదలవుతుంది. దాన్ని గుణకం కోసం వాడలేదు కనుక అది నిష్పక్షపాత సాక్షి. దాని మీద కొలిస్తే 500.8 వచ్చిందనుకుందాం. తేడా 0.8 మి.మీ., అంటే 0.16 శాతం. రాయి మొత్తం ఎత్తు మీద 2 మి.మీ. ఇది మంచి ఫలితమే. అదే 510 వస్తే గుణకాన్ని సర్దడానికి ప్రయత్నించకూడదు. నిలువు, అడ్డం కొలతలు పొసగడం లేదంటే ఫోటోల అమరికలోనే మోడల్ వంగిపోయి ఉంటుంది, ఫోటోల దగ్గరికే తిరిగి వెళ్లాలి. పట్టీ పొడవుగా ఉండాలనడానికి కారణం కూడా ఈ లెక్కే. క్లిక్‌లో 1 మి.మీ. తప్పితే 500 మీద అది 0.2 శాతం. బడిపిల్లల 15 సెంటీమీటర్ల స్కేలు పెడితే అదే తప్పు 0.67 శాతం, రాయి ఎత్తు మీద 8 మి.మీ.

ముందుగా స్కేల్ చేయడంలో ఇంకో లాభం ఉంది, నాకు అన్నిటికంటే నచ్చేది అదే. ఇక మీదట శుభ్రం చేసే ప్రతి ఆదేశాన్నీ మిల్లీమీటర్లలో చెప్పవచ్చు. గాల్లో తేలే తునకలకు `Remove Isolated pieces (wrt Diameter)` ఫిల్టర్‌లో శాతం గడిలో కాకుండా యూనిట్ గడిలో 50 ఇస్తే, 5 సెంటీమీటర్ల కంటే చిన్నవైన విడి ముక్కలన్నీ పోతాయి. యూనిట్ తెలియనప్పుడు అక్కడ ఏ అంకె వేయాలో ఊహించాల్సి వచ్చేది. గోడ, చెట్టు పెద్దవి కనుక వాటిని చేత్తో ఎంచుకుని కోసేయాలి.

తర్వాతది కాస్త మోసకారి. మెష్ అల్లే కొన్ని పద్ధతులు, ముఖ్యంగా పాయిసన్ పద్ధతి, ఫోటో పడని చోట కూడా ఉపరితలాన్ని నింపేస్తాయి. గోడకీ రాయికీ మధ్య సందులో కెమెరా చూడని వీపు మీద నున్నటి బుడగ లాంటి ఆకారం వస్తుంది. రంగు తీసేసి, త్రిభుజాల గీతలు కనిపించేలా పెట్టి చూస్తే గుట్టు బయటపడుతుంది. నిజంగా ఫోటో పడిన చెక్కడం మీద త్రిభుజాలు ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉంటే, బుడగ మీద వేలెడేసి ఉంటాయి. అంచు 15 మి.మీ. దాటిన త్రిభుజాలను ఎంచుకుని తీసేస్తే బుడగలో ఎక్కువ భాగం పోతుంది. అక్కడ రంధ్రం మిగులుతుంది, మిగలనివ్వండి. చూడని వీపును చూసినట్టు పూడ్చడం కంటే రంధ్రం నిజాయితీ గలది.

రాయి పై అంచున ఆకాశం రంగు అంటిన పల్చటి రెక్కలు కూడా కనిపిస్తాయి. తెల్లటి ఆకాశం అంచు రాయి అంచుతో కలిసిపోయి వచ్చినవి ఇవి. పక్క నుంచి చూస్తే కత్తి మొనల్లా పొడుచుకుని ఉంటాయి, చేత్తో తీయడం తప్ప సులువైన దారి లేదు.

అన్నిటికంటే కష్టం రాయి మొదలు. గాలికి గడ్డి కదులుతుంది కనుక ఒక్కో ఫోటోలో ఒక్కో చోట ఉంటుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని ముద్దలా చేసి రాయికి అతికించేస్తుంది. రాయి ఎక్కడ ఆగి నేల ఎక్కడ మొదలైందో మెష్‌లో గీత ఉండదు, మెల్లగా వంగిన వాలు మాత్రం ఉంటుంది. దాన్ని ఎక్కడ కోసినా ఎత్తు కొద్దిగా మారుతుంది. కాబట్టి ఫోటోలు తీసే రోజే మీటరు టేపుతో నేల నుంచి శిఖరం దాకా కొలిచి రాసుకోవాలి. కోత ఆ అంకెకి సరిపోయే చోట పెట్టాలి. భూమిలో పూడుకున్న భాగం ఈ ఎత్తులో లేదని కూడా రాసి పెట్టాలి.

రాయి మీది నాచు, పసుపు కుంకుమ, పిడుగు పడ్డట్టున్న బీటలు చెత్త కాదు, అవి రాయి చరిత్ర. అలాగే గరుకుగా కనిపిస్తోందని నునుపు చేసే ఫిల్టర్ జోలికి వెళ్లకూడదు. అరిగిన శాసనాక్షరం లోతు ఒకటి రెండు మిల్లీమీటర్లే ఉండవచ్చు. ఫోటోల నుంచి మెష్‌లోకి వచ్చే గరుకుదనం కూడా దాదాపు అంతే ఉంటుంది. ఫిల్టర్‌కి ఆ రెండిటికీ తేడా తెలియదు, గరుకును తుడిచేటప్పుడు అక్షరాన్నీ తుడిచేస్తుంది.

చివరగా ఫైల్. STL, OBJ ఫైళ్లలో అంకెలుంటాయి కానీ అవి ఏ యూనిట్‌లో ఉన్నాయో నమ్మకంగా చెప్పే ఏర్పాటు ఉండదు. మన 1200ని మీటర్లుగా చదివే ప్రోగ్రామ్‌లో వీరగల్లు 1.2 కిలోమీటర్ల ఎత్తున లేస్తుంది. glTF అనే ఇంకో ఫైల్ రకంలో మాత్రం యూనిట్ మీటరే అని నిర్ణయించారు, కనుక దానిలోకి మార్చేటప్పుడు 1000తో భాగించాలి. మిగతా వాటికి `veeragallu_mm.obj` అని పేరులోనే యూనిట్ పెట్టి, వాడిన గుణకం, రెండో పట్టీ మీద వచ్చిన తేడా, టేపు కొలత ఒక చిన్న టెక్స్ట్ ఫైల్‌లో రాసి పక్కనే ఉంచాలి. కోతకు ముందున్న అసలు మెష్‌ని కూడా అదే ఫోల్డర్‌లో దాచాలి, ఎందుకంటే పట్టీలు ఉన్నది అందులోనే.