అగ్గిరెక్కకు ఎంత అడవి కావాలి?

ఊహాలోకానికి ఒక మృగాన్ని సృష్టించేవాళ్లు సాధారణంగా దాని రూపంతో మొదలుపెడతారు. కొమ్ములు, పొలుసులు, కళ్ల రంగు. నేనైతే ముందు దాని బరువు, ఆ వెంటనే దాని ఆకలి తేల్చుకోమంటాను. ఈ రెండూ తేలితే అది ఎక్కడ బతుకుతుందో, ఎన్ని బతకగలవో, చుట్టూ ఏ జంతువులు ఉండాలో చాలావరకు వాటంతటవే బయటపడతాయి. ఒక మృగాన్ని తీసుకుని లెక్క కట్టి చూద్దాం. దాని పేరు అగ్గిరెక్క అనుకుందాం. ఎగురుతుంది, జింకల్ని వేటాడుతుంది, నోటితో మంట చిమ్ముతుంది.

బరువు మన ఇష్టం కాదు. ఆకారం మారకుండా ఒక జీవి పొడవు రెట్టింపైతే రెక్కల వైశాల్యం నాలుగు రెట్లే పెరుగుతుంది, బరువు మాత్రం ఎనిమిది రెట్లవుతుంది. పరిమాణం పెరిగే కొద్దీ వచ్చే ఈ చిక్కును గెలీలియో 1638లోనే ఎముకల విషయంలో వివరించాడు. భూమ్మీద ఎగిరిన అతి పెద్ద జీవుల్లో ఒకటి క్వెట్జల్‌కోయాట్లస్. డైనోసార్ల కాలం చివర్లో బతికిన ఈ జీవి రెక్కలు విప్పితే దాదాపు 10 మీటర్లు, బరువు 200 నుంచి 250 కిలోల దాకా ఉండేదని ఎక్కువమంది అంచనా. మన గాలి, మన గురుత్వాకర్షణే ఉన్న లోకమైతే అగ్గిరెక్కకు 250 కిలోలు ఇవ్వొచ్చు. ఏనుగంత బరువుతో ఎగరాలంటే ముందు ఆ లోకపు గాలిని చిక్కబరచాలి, లేదా దాని గురుత్వాకర్షణను తగ్గించాలి.

ఇక ఆకలి. జంతువు బరువు రెట్టింపైతే దానికి కావలసిన శక్తి రెట్టింపు కాదు, సుమారు 1.7 రెట్లే అవుతుందని మాక్స్ క్లైబర్ అనే శాస్త్రవేత్త 1932లో చూపించాడు. వేడిరక్తపు జంతువు ఊరికే పడుకుని ఉండటానికి రోజుకు ఎన్ని కిలో కేలరీలు కావాలో ఆయన సూత్రం చెబుతుంది:

70 × M^0.75

ఇక్కడ M అంటే కిలోల్లో బరువు. 250 వేస్తే దాదాపు 4,400 వస్తుంది. తిరగడానికి, వేటకు, ఎగరడానికి కలిపి మూడు రెట్లు వేసుకుంటే 13,000. కిలో మాంసంలో సుమారు 1,500 కిలో కేలరీలు ఉంటాయి కాబట్టి రోజుకు 9 కిలోల మాంసం కావాలి. ఎముకలు, తోలు, పొట్టలోని మేత వదిలేస్తుంది గనక చంపాల్సింది రోజుకు 13 కిలోల జంతువు. 60 కిలోల జింకలైతే ఏడాదికి దాదాపు 80, అంటే నాలుగైదు రోజులకొకటి.

ఈ నాలుగైదు రోజులకొకటి అన్న చోట కాస్త ఆగి చూడాలి. ఒక జింక మీద 40 కిలోల మాంసం ఉంటుంది. అదంతా ఒకేసారి తింటే అగ్గిరెక్క నేల విడిచి లేవలేదు. కడుపు నిండా తిన్న రాబందులే పైకి లేవడానికి అవస్థ పడతాయి. కాబట్టి అది కొంత తిని ఎగిరిపోయి మళ్లీ రావాలి, లేదా తిన్నచోటే కదలకుండా అరిగేదాకా పడుకోవాలి. మొదటిదైతే కళేబరం చుట్టూ దొంగతిండి తినే జంతువులు పోగవుతాయి. రెండోదైతే అది దొరికిపోయే సమయం అదే, దాన్ని చంపాలనుకునేవాడు కనిపెట్టాల్సిందీ ఆ పూటే. కథకుడు ఏది ఎంచుకున్నా లెక్క లోంచే పుట్టిన ప్రవర్తన అది, పాఠకుడు ఇట్టే నమ్ముతాడు.

ఏటా 80 జింకలు పోయినా మంద తగ్గకుండా ఉండాలంటే మంద ఎంత ఉండాలి? వేటమృగం ఏడాదిలో మందలో పదింట ఒకటి నుంచి ఐదింట ఒకటి దాకా తీసుకుంటుందనుకుంటే, ఒక్క అగ్గిరెక్క వెనుక 400 నుంచి 800 జింకలు ఉండాలి. దీన్ని మరో దారిలో సరిచూసుకోవచ్చు. క్రిస్ కార్బోన్, జాన్ గిటిల్‌మన్ అనే శాస్త్రవేత్తలు 2002లో అనేక మాంసాహార జంతువుల్ని పరిశీలించి, 10,000 కిలోల వేటజంతువులు సుమారు 90 కిలోల మాంసాహారిని పోషిస్తాయని తేల్చారు. ఆ లెక్కన మన 250 కిలోల మృగానికి దాదాపు 28,000 కిలోల జింకలు, అంటే 460కి పైచిలుకు కావాలి. వేరువేరు దారుల్లో వచ్చినా రెండు సంఖ్యలూ ఒకచోటే కలిశాయి. ఇలాంటి అంచనా రెండింతలు అటో ఇటో పోవచ్చు గానీ పదింతల తేడా మాత్రం రాదు.

ఒక్క జంటతో జాతి నిలబడదు. దగ్గరి రక్తసంబంధాల దెబ్బ తగలకుండా కొన్ని తరాలైనా నెట్టుకు రావాలంటే పిల్లల్ని కనగలిగేవి కనీసం 50 ఉండాలన్నది సంరక్షణ శాస్త్రంలో పాత కొలమానం. అది కూడా చాలదనేవాళ్లు ఇప్పుడు చాలామంది. ఆ 50కే 20,000 నుంచి 40,000 జింకలు కావాలి. చదరపు కిలోమీటరుకు పది జింకల చొప్పున వేసినా 2,000 నుంచి 4,000 చదరపు కిలోమీటర్ల అడవి. బోడికొండ మీద వందల మృగాలు గూళ్లు కట్టుకుని ఉన్నాయని రాస్తే తప్పు ఎక్కడుందో ఇక్కడ తెలుస్తుంది. కొండ గూటికి సరిపోతుంది, మేత మాత్రం కింద మైళ్ల దూరం పరుచుకుని ఉండాలి.

అంత అడవి లేని లోకమైతే మృగాన్ని చల్లటి రక్తపు జీవిగా మార్చుకోవచ్చు. అంతే బరువున్న క్షీరదంతో పోలిస్తే సరీసృపానికి దాదాపు పదో వంతు శక్తి చాలు. కొమోడో అనే భారీ బల్లులు చిన్న దీవుల్లో అంత పెద్ద సంఖ్యలో బతకగలగడానికి ఇది పెద్ద కారణం. అయితే దీనికి ధర చెల్లించాలి. తెల్లవారుజామున చలికి అది కదలలేదు, ఎండ ఎక్కేదాకా బండ మీద కాగాలి, గంటల తరబడి రెక్కలాడించలేదు. మంచు దేశంలో రాత్రిపూట దాడి చేసే చల్లరక్తపు అగ్గిరెక్క అసాధ్యం.

మంటకూ ఇదే పద్దు. చిమ్మే ద్రవం కొవ్వులాంటిదైతే కిలోకు దాదాపు 9,000 కిలో కేలరీలు. ఒక కిలో మంటలో పోస్తే రోజంతటి ఖర్చులో మూడింట రెండు వంతులు ఒక్క ఊపిరిలో పోయినట్టే. కాబట్టి జింకని కాల్చి చంపడం దానికి గిట్టుబాటు కాదు, పైగా ఎండిన గడ్డి అంటుకుంటే వేటభూమి మొత్తం పోతుంది. మంట హద్దు గొడవలకూ గూటి కాపలాకూ మాత్రమే పనికొస్తుంది. పాము పడగ విప్పినట్టు చాలాసార్లు గొంతులో వెలుగు చూపించి బెదిరించి ఊరుకోవాలి. నాలుగైదు సార్లు వరసగా చిమ్మిన మృగం ఆ తర్వాత వారం పాటు ఆకలితో ప్రమాదకరంగా తిరుగుతుంది.

చాలామంది వదిలేసేది పిల్లల సంగతి. 250 కిలోల జీవి పిల్ల గుడ్డులోంచి వచ్చేటప్పుడు ఒకటి రెండు కిలోలు ఉంటుందేమో. అది జింకల్ని పట్టలేదు. మొసలి పిల్లలు పురుగులతో మొదలుపెట్టి, పెరిగే కొద్దీ చేపలకూ ఆపై పెద్ద జంతువులకూ మారతాయి. కొమోడో పిల్లలైతే పెద్దవాటి నోట పడకుండా చెట్ల మీద గడుపుతాయి. అగ్గిరెక్క పిల్లలూ అలాగే మొదట మిడతలు, తర్వాత ఎలుకలు, తర్వాత కుందేళ్లు తింటూ పెరిగితే, నక్కలకూ అడవిపిల్లులకూ దక్కాల్సిన తిండి చాలావరకు వాటికే పోతుంది. టైరానోసారస్ లాంటి భారీ వేటమృగాలున్న చోట మధ్యస్థ పరిమాణపు మాంసాహారులు అంత తక్కువగా ఎందుకు దొరుకుతున్నాయన్న ప్రశ్నకు కొందరు శాస్త్రవేత్తలు ఇచ్చే జవాబు ఇదే. ఆ స్థానాల్ని వాటి పిల్లలే నింపేశాయి. అందుకని అగ్గిరెక్కలున్న అడవిలో నక్కల గుంపుల్ని దండిగా పెట్టకండి. పెట్టాలనుకుంటే, అగ్గిరెక్క పిల్లలు తినలేనిదేదో వాటికి దొరుకుతోందని ముందుగానే నిర్ణయించుకోండి.