“గవదబిళ్ళలే కదా” అనుకున్నాం: పిల్లల గొంతు నొప్పిపై అపోహలు, వాస్తవాలు

మాది పేరుకే ఊరు. హైదరాబాద్ పెరుగుతూ వచ్చి ఎప్పుడో కలిపేసుకుంది. ఒక పక్క అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. ఇంకో పక్క వాటిని కట్టడానికి పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చిన వాళ్ల రేకుల గదులు. ఇక్కడ నేను ఆశా కార్యకర్తని. ఈమధ్య అంగన్‌వాడీలో తల్లుల్ని కూర్చోబెట్టి పిల్లల గొంతు నొప్పి గురించి మాట్లాడాను. అక్కడ నడిచిన మాటలే ఇవి. నేను డాక్టర్ని కాను, జబ్బు ఏదో తేల్చలేను. ఏ బిడ్డని ఇంట్లో ఉంచి చూడొచ్చు, ఏ బిడ్డని ఇప్పుడే ఆటో ఎక్కించాలి అన్నంతవరకే నా చదువు.

అపోహ: “ఒళ్లు కాలట్లేదు కదక్కా, ఇగ టెన్షన్ ఎందుకు?”

చాలా గొంతు నొప్పులు జలుబుతో వస్తాయి. ముక్కు కారుతుంది, దగ్గు ఉంటుంది, నాలుగైదు రోజుల్లో పోతాయి. గోరువెచ్చని నీళ్లు, మెత్తని అన్నం, జ్వరం ఉంటే బరువును బట్టి పారాసిటమాల్ చాలు. కానీ జ్వరం ఎంత ఉందన్న దాన్నిబట్టి ప్రమాదాన్ని కొలవకూడదు. నేను ఇది ఒక ఆరేళ్ల పాప దగ్గర నేర్చుకున్నాను.

గురువారం ఆ పాపకి గొంతు నొప్పి, వంద దగ్గర జ్వరం. వాళ్లమ్మ పసుపు పాలు ఇచ్చి పనికి పోయింది. శుక్రవారం పాప అన్నం ముట్టలేదు. సందు చివర ఉన్న ఆర్‌ఎంపీ ఒక సూది వేసి, “వాతావరణం మారింది” అని పంపించాడు. శనివారం మెడ వాచింది. పక్కింటి పెద్దమ్మ చూసి గవదబిళ్ళలని చెప్పి, మెడ చుట్టూ నీలిమందు పూసింది. నేను వెళ్లేసరికి పాప గడప మీద కూర్చుని ఉంది. జ్వరం అప్పుడు కూడా పెద్దగా లేదు. “పేరేంటి బిడ్డా?” అంటే, నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టు చెప్పింది.

గుమ్మం దగ్గర వెలుతురులోకి తిప్పి, నోరు తెరిచి “ఆ” అనమన్నాను. గొంతు రెండు పక్కలా మురికి తెలుపులో, బూడిద రంగు కలిసి, పాల మీగడ ఆరిపోయినట్టు ఒక పొర. “పొద్దున పాలు తాగింది, అదే అంటుకుంది” అంది వాళ్లమ్మ. పాలైతే ఒక గుక్క నీళ్లకి పోతాయి. నీళ్లు తాగించినా ఇది పోలేదు. గోకి చూడకూడదు, ఆ పొర లేస్తే రక్తం వస్తుంది. ఇలాంటి పొర కంఠసర్పిలో, అంటే డిఫ్తీరియాలో వస్తుంది. అలాగని తెల్లగా కనిపించిందల్లా కంఠసర్పి కాదు, మామూలు టాన్సిల్స్‌కి కూడా తెల్ల చుక్కలు వస్తాయి. ఆ తేడా తేల్చేది డాక్టర్లు. పొర, మెడ వాపు, మారిన గొంతు ఈ మూడూ ఒక్క బిడ్డలో కనిపించాక మనం చేయాల్సింది మాత్రం ఒకటే, కదలడం.

అపోహ: “మెడ వాస్తే గవదబిళ్ళలే”

గవదబిళ్ళల వాపు చెవి కిందుగా, బుగ్గ వెనకభాగంలో వస్తుంది. చెవి తమ్మె కాస్త పైకి లేచినట్టు కనబడుతుంది. గొంతులో పొర ఉండదు. కంఠసర్పి ముదిరితే దవడ కింద రెండు వైపులా వాచి, మెడా గడ్డమూ కలిసిపోయి ఎద్దు మెడలా అవుతుంది. నీలిమందు పూశాక ఆ తేడా కూడా సరిగ్గా కనపడదు. ఆ రోజు నేను తడిగుడ్డతో తుడిచాకే వాపు ఎక్కడుందో తెలిసింది.

పాపని నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి తీసుకెళ్లాం. కంఠసర్పి పిల్లల్ని ఏళ్లుగా చూస్తున్న ఆస్పత్రి అది. గొంతులోంచి నమూనా తీశారు కానీ, రిపోర్టు కోసం ఆగకుండా విషానికి విరుగుడు మందు మొదలుపెట్టారు. కంఠసర్పిలో ప్రాణం తీసేది గొంతులోని పొర ఒక్కటే కాదు, ఆ క్రిమి వదిలే విషం కూడా. అది రక్తంలో తిరుగుతున్నంతవరకే విరుగుడు దాన్ని పట్టుకోగలదు. గుండెకో నరాలకో పట్టుకున్నాక విరుగుడు ఎంత ఇచ్చినా వెనక్కి తీయలేదు. అందుకే శనివారం వెళ్లడానికీ సోమవారం వెళ్లడానికీ అంత తేడా. ఆ మందు గుర్రపు రక్తం నుంచి తీస్తారు కాబట్టి ముందు కొద్దిగా ఇచ్చి, పడుతుందో లేదో చూస్తారు. దాంతోపాటు యాంటీబయాటిక్ కూడా ఇచ్చారు.

నాలుగో రోజుకి పాప లేచి ఆడతానంది. “తగ్గింది కదా, పంపించండి” అని తండ్రి గొడవ. డాక్టర్లు ఒప్పుకోలేదు. ఈ జబ్బులో గుండె దెబ్బతినేది గొంతు నయమవుతున్నట్టు కనిపించే రోజుల్లోనే, మొదటి రెండు వారాల్లో. మంచం దిగనివ్వకుండా ఈసీజీలు తీస్తూ ఉంచారు. గుండెకి ఏమీ కాలేదు. ఇంటికొచ్చాక కొన్నాళ్లు నీళ్లు తాగితే ముక్కులోంచి వచ్చేవి, మాట ముక్కుతో వచ్చేది. అంగిటి నరాలకు విషం తగిలిన గుర్తు అది. మెల్లగా సర్దుకుంది.

అపోహ: “కొండనాలుక జారింది, వేలు పెట్టి ఎత్తితే పోతుంది”

మీటింగ్‌లో ఎక్కువసేపు పట్టింది దీనికే. వేలికి ఉప్పో మిరియాల పొడో అద్ది గొంతులో నొక్కడం, నడినెత్తిన వెంట్రుకలు లాగడం, ఇవి మా అమ్మమ్మ నాకూ చేసింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత పుట్టించిన వాళ్లమే, ఇంకా ఆ మందే వేస్తున్నాం! గొంతు లోపల వాచినప్పుడు కొండనాలుక కూడా వాచి కిందికి వేలాడుతుంది. అది జారడం కాదు.

మామూలు గొంతు నొప్పిలో వేలు పెడితే వాంతి అవుతుంది, అంతే. కానీ ఉమ్మి మింగలేక చొంగ కారుస్తూ, మెడ ముందుకు చాచి కూర్చుని ఊపిరి తీస్తున్న బిడ్డ నోట్లో వేలుగానీ చెంచాగానీ పెట్టారంటే, ఉన్న కాస్త దారీ మూసుకుపోవచ్చు. అలాంటి బిడ్డని గొంతు చూపించమని కూడా అడగకండి. పడుకోబెట్టకండి, ఏడిపించకండి. ఎలా కూర్చుందో అలాగే ఒళ్లో పెట్టుకుని 108కి ఫోన్ చేయండి.

“ఊపిరి చప్పుడు గురక లాంటిదేనా?” అని ఒక చిన్న వయసు తల్లి అడిగింది. గురక నిద్రలో వస్తుంది. నేను చెప్పేది మేలుకుని, ఏడవకుండా ఉన్న బిడ్డ ఊపిరి లోపలికి పీల్చినప్పుడల్లా వచ్చే గీరు చప్పుడు. చొక్కా ఎత్తి చూడండి. పీల్చినప్పుడు పక్కటెముకల కింద గుంట పడుతుంటే తెల్లారేదాకా ఆగొద్దు. నోరు పూర్తిగా తెరవలేకపోయినా, నీళ్లు కూడా తాగలేకపోయినా, తాగిందంతా కక్కినా, లేపితే సరిగ్గా లేవకపోయినా, ఫిట్స్ వచ్చినా అంతే.

ఐస్ తింటేనే వస్తుందన్నది కూడా అడిగారు. క్రిమి లేనిదే ఐస్ ఒక్కటే ఈ జబ్బులు తేలేదు, ఆ సంగతి అంతటితో వదిలేశాం. డాక్టర్ పది రోజులు యాంటీబయాటిక్ రాస్తే మాత్రం మూడో రోజు ఆపొద్దు. ఒక రకం గొంతు నొప్పి సరిగ్గా తగ్గకపోతే రెండు మూడు వారాల తర్వాత కీళ్ల నొప్పులతో మొదలై గుండె కవాటాల్ని పాడుచేయొచ్చు.

అపోహ: “చిన్నప్పుడు మూడు సూదులు వేయించాం, ఇంక రాదు”

ఆ పాప టీకా కార్డు చూస్తే కంఠసర్పిని కూడా అడ్డుకునే 6, 10, 14 వారాల పెంటావాలెంట్ మూడూ వేసి ఉన్నాయి. ఆ తర్వాత గళ్లన్నీ ఖాళీ. అప్పటికి కుటుంబం ఊరు వదిలింది. ఆ మూడు టీకాల బలం కాలం గడిచేకొద్దీ తగ్గుతుంది. అందుకే 16 నుంచి 24 నెలల మధ్య ఒక డీపీటీ బూస్టర్, 5 ఏళ్లు నిండాక ఇంకొకటి, తర్వాత 10కి, 16కి టీడీ. ఇంట్లో వాళ్లందరికీ ఆ వారం యాంటీబయాటిక్ మాత్రలు ఇచ్చారు. ఏడాదిన్నర తమ్ముడికి బూస్టర్ కూడా పడింది.

కార్డు పోయినా పర్లేదు, బిడ్డని తీసుకుని బుధవారమో శనివారమో రండి. డీపీటీ బూస్టర్ ఏడేళ్లలోపు ఎప్పుడైనా వేస్తారు. ఏడు దాటితే ఏఎన్ఎం టీడీ వేస్తుంది.