బొమ్మ పోయిన ప్రశ్నలో అణువు ఎక్కడ?

"పై సమ్మేళనానికి HBr కలిపితే ఏర్పడే ప్రధాన ఉత్పన్నం ఏది?" అని ఉంది ప్రశ్న. పైన మాత్రం ఏమీ లేదు. ఒకప్పుడు అక్కడ వంకర గీతలతో ఒక బొమ్మ ఉండేది. ప్రశ్నను ఎత్తి రాసినప్పుడు అక్షరాలు వచ్చాయి, బొమ్మ రాలేదు. మిగిలినవి C5H10 అనే ఫార్ములా, నాలుగు ఆప్షన్లు: 2-బ్రోమో-2-మిథైల్‌బ్యూటేన్, 2-బ్రోమో-3-మిథైల్‌బ్యూటేన్, 1-బ్రోమో-3-మిథైల్‌బ్యూటేన్, చర్య జరగదు.

ముందు ఫార్ములా ఏం చెబుతుందో చూద్దాం. అయిదు కార్బన్లు ఏకబంధాలతో, వలయం లేకుండా ఉంటే వాటికి 12 హైడ్రోజన్లు పడతాయి. ఇక్కడ 10 ఉన్నాయి. రెండు తగ్గాయంటే ఒక ద్విబంధమో ఒక వలయమో ఉన్నట్టు. అడిగింది HBr సంగతి కాబట్టి ద్విబంధమనే అనుకుందాం. అలా చూసినా కార్బన్లను కలిపే తీరు అయిదు రకాలు. ఆప్షన్లలోని బ్రోమైడ్లు మూడింటిలోనూ గొలుసుకు ఒక కొమ్మ ఉంది కాబట్టి కొమ్మలేని పెంటీన్లు రెండూ తప్పుకుంటాయి. మిగిలినవి 2-మిథైల్‌బ్యూట్-1-ఈన్, 2-మిథైల్‌బ్యూట్-2-ఈన్, 3-మిథైల్‌బ్యూట్-1-ఈన్.

తమాషా ఏమిటంటే, పాఠ్యపుస్తకాల లెక్కన ఈ మూడూ ఇచ్చే ప్రధాన ఉత్పన్నం ఒకటే, 2-బ్రోమో-2-మిథైల్‌బ్యూటేన్. అంటే బొమ్మ చూడకుండానే జవాబుకు టిక్కు పెట్టొచ్చు. కానీ "ఎందుకు?" అని అడిగితే దొరికిపోతాం. మొదటి రెండింటిలో బ్రోమిన్ నేరుగా ద్విబంధపు కార్బన్ మీదే కూర్చుంటుంది. మూడోదానిలో అలా కాదు. H⁺ చివరి కార్బన్‌కు చేరగానే ధనావేశం పక్కనున్న రెండో కార్బన్ మీద పడుతుంది. మూడో కార్బన్ మీది హైడ్రోజన్ తన ఎలక్ట్రాన్ జంటతో సహా అక్కడికి జరుగుతుంది, ఆవేశం మూడో కార్బన్‌కు మారుతుంది. అక్కడ మూడు కార్బన్ల ఆసరా ఉంది కాబట్టి ఆవేశానికి స్థిమితం ఎక్కువ. బ్రోమిన్ చివరకు అక్కడే చేరుతుంది. హైడ్రోజన్ అలా జరగకుండా ఏర్పడే 2-బ్రోమో-3-మిథైల్‌బ్యూటేన్ కూడా పాత్రలో కొంత ఉంటుంది. పరీక్షలు దాన్ని పట్టించుకోవు, అది వేరే సంగతి.

మరి పోయిన బొమ్మ మూడింటిలో ఏది? జాడ తప్పు ఆప్షన్లలోనే ఉంది. ప్రశ్న తయారుచేసేవారు తప్పు జవాబులను గాల్లోంచి తీయరు, విద్యార్థి చేయగల పొరపాట్ల నుంచి తీస్తారు. 1-బ్రోమో-3-మిథైల్‌బ్యూటేన్ రావాలంటే బ్రోమిన్ చివరి కార్బన్ మీద, కొమ్మ దానికి దూరంగా ఉండాలి. మూడింటిలో 3-మిథైల్‌బ్యూట్-1-ఈన్‌కు మాత్రమే అది కుదురుతుంది. 2-బ్రోమో-3-మిథైల్‌బ్యూటేన్ హైడ్రోజన్ జరుగుడును మరిచిపోయినవారి జవాబు. రెండూ ఒకవైపే వేలు చూపుతున్నాయి. ఇది బలమైన ఊహే తప్ప రుజువు కాదు. అందుకే ప్రశ్నను తిరిగి రాసేటప్పుడు "ఆప్షన్లను బట్టి ఊహించినది" అని పక్కనే పెట్టాలి.

ఇప్పుడు దాన్ని మళ్ళీ పోకుండా ఎలా రాయాలి? కీబోర్డుతో గీతలు పేర్చి బొమ్మ వేయాలని చాలామందికి అనిపిస్తుంది. ఖాళీలు కుదించుకుపోగానే కొమ్మ పక్క కార్బన్‌కు అంటుకుంటుంది. పేరు రాయడం మేలు, కానీ అంకెలతో ఉన్న క్రమబద్ధమైన పేరే రాయాలి. వాడుక పేర్లు మోసం చేస్తాయి. "ఐసోఆక్టేన్" అనగానే 2-మిథైల్‌హెప్టేన్ అనుకుంటాం. ఇంధనాల వాళ్ళు అనే ఐసోఆక్టేన్ 2,2,4-ట్రైమిథైల్‌పెంటేన్.

పేరు పక్కనే కార్బన్ గొలుసును ఒకే వరుసలో రాసే పద్ధతి ఒకటుంది, స్మైల్స్ అంటారు. డేవిడ్ వైనింగర్ దీన్ని 1988లో ప్రచురించాడు. మన అణువు ఇందులో ఇలా ఉంటుంది:

```
CC(C)C=C
```

ఎడమ నుంచి చదవండి. ఒక కార్బన్, దానికి అంటి రెండోది. కుండలీకరణంలోది రెండోదాని మీది కొమ్మ. కొమ్మ అయ్యాక మళ్ళీ గొలుసు, చివర ద్విబంధం. హైడ్రోజన్లు రాయక్కర్లేదు, ప్రతి కార్బన్‌కూ నాలుగు బంధాలు నిండేలా మనమే వేసుకోవాలి. ఇక్కడ వరుసగా 3, 1, 3, 1, 2. మొత్తం 10. ఫార్ములాతో సరిపోయింది.

సరిపోయిందని నిశ్చింతగా ఉండకూడదు. సమాన గుర్తు ఒక్క మెట్టు ముందుకు జరిగితే `CC(C)=CC` అవుతుంది. హైడ్రోజన్లు 3, 0, 3, 1, 3. మళ్ళీ 10! కానీ ఇది 2-మిథైల్‌బ్యూట్-2-ఈన్. కుండలీకరణం రాలిపోతే `CCCC=C`, అంటే పెంట్-1-ఈన్, దానికీ 10 హైడ్రోజన్లే. అణువు లోపల బంధం చోటు మారితే ఫార్ములా పట్టుకోలేదు, పరమాణువు తగ్గితేనో పెరిగితేనో పట్టుకుంటుంది. అందుకే పేరూ గొలుసూ రెండూ రాయమంటాను. చదివేవారు గొలుసును కాగితం మీద గీసి, దానికి తామే పేరు పెట్టి, మనం ఇచ్చిన పేరుతో పోల్చాలి. చేయి జారి పడ్డ తప్పు రెండుచోట్లా ఒకేలా పడటం అరుదు.

కాగితం మీది అలవాటును స్మైల్స్‌లోకి తెస్తే ఇంకో ప్రమాదం. నోటుబుక్కులో CN అంటే సయనైడ్ సమూహం. స్మైల్స్‌లో `CN` మిథైల్ అమీన్. సయనైడ్ కావాలంటే త్రిబంధాన్ని చూపాలి, `C#N` అని. వలయాల్లో అంకెలు కూడా ఇలాంటివే: `CC1CCCC=C1`లోని 1 స్థానసంఖ్య కాదు, ఆ రెండు కార్బన్లనూ ముడివేయమనే గుర్తు. ఈ అణువు పేరు 3-మిథైల్‌సైక్లోహెక్సీన్, చూశారుగా, 3 ఎక్కడా కనబడదు.

బొమ్మలో మందపాటి గీతలు, చుక్కల గీతలు ఉండి ఉంటే పని కష్టం. లాక్టిక్ ఆమ్లం ఉదాహరణ చూడండి:

```
CC(O)C(=O)O
C[C@H](O)C(=O)O
C[C@@H](O)C(=O)O
```

మొదటిది ఎటువైపుదో చెప్పదు. రెండోది మిథైల్ వైపు నుంచి చూస్తే H, OH, COOH అపసవ్యంగా తిరిగే రూపం, అంటే ఎల్-లాక్టిక్ ఆమ్లం. మూడోది దాని అద్దపు ప్రతిబింబం. తేడా అంతా ఒక్క @ గుర్తు. ఎత్తి రాసేటప్పుడు అది రాలిపోతే చూడగానే తెలియదు, అందుకని "ఎస్" లేక "ఆర్" అని మాటల్లో కూడా రాయడం మంచిది. సిస్, ట్రాన్స్‌లకూ అంతే.

పోయిన బొమ్మ ఇలాంటిదైతే ఆప్షన్లు తవ్వినా ప్రతిసారీ జవాబు దొరకదు. ఆప్షన్లలో అద్దపు రూపాలు రెండూ ఉండి, మొదలు ఏ రూపమో చెప్పే మాట ఎక్కడా లేకపోతే, దాన్ని పూరించే దారి లేదు. "ఏ రూపమో తెలియదు" అని రాసి, అసలు కాగితం కోసం వెతకాల్సిందే.