కొలాబ్ క్యాప్షన్‌లో మొదటి వరుస ఎందుకంత ముఖ్యం?

ఫేస్ సీరం గురించి ఇన్‌స్టాగ్రామ్‌లో ఇలాంటి క్యాప్షన్లు రోజూ కనిపిస్తాయి: “రెండు వారాల్లో నా ముఖం చూడండి! ఈ సీరం నిజంగా మ్యాజిక్, మచ్చలు మాయం. నా కోడ్ వాడితే 20 శాతం తగ్గింపు, లింక్ బయోలో.” దాని కింద పదిహేను హ్యాష్‌ట్యాగులు. #skincare, #glow, #telugu వగైరాల మధ్య పన్నెండో చోట స్పాన్సర్డ్ అనే మాటకు కుదింపైన #sp, చివర్న బ్రాండుతో కలిసి చేశానని చెప్పే #collab. అడిగితే “బ్రాండు డబ్బిచ్చిందని వెల్లడించాను కదా” అంటారు. ఇలా వెల్లడిస్తే చెల్లదని ఇవాళ మన దేశంలో రూల్ ఉంది. అయితే ఆ రూల్ ఒక్కరోజులో పుట్టలేదు. జనం ఎక్కడెక్కడ తప్పించుకుంటూ వచ్చారో అక్కడక్కడ ఒక్కో మాట చేరుతూ తయారైంది.

మొదలు అమెరికాలో ఉంది. అక్కడ వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1980లోనే ఎండార్స్‌మెంట్ల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ఒక వస్తువును మెచ్చుకునేవాడికి, దాన్ని అమ్మేవాడికి మధ్య చూసేవాళ్లు ఊహించని సంబంధం ఉంటే దాన్ని చెప్పి తీరాలన్నది వాటి సారం. అప్పటికి లెక్క టీవీ, పత్రికల వరకే. సినిమా నటి సబ్బు యాడ్‌లో కనిపిస్తే డబ్బు తీసుకుందని ఎవరికీ వేరే చెప్పనక్కర్లేదు. బ్లాగులు వచ్చాక లెక్క మారింది. పక్కింటమ్మాయిలా మాట్లాడే మనిషి క్రీమ్ బాగుందంటే అది సొంత అనుభవమనే అనుకుంటాం. అందుకే 2009లో మార్గదర్శకాలను సవరించి, ఉచితంగా వస్తువు అందుకుని రాసే బ్లాగర్లనూ వాటి కిందికి తెచ్చారు. డబ్బు చేతులు మారకపోయినా సంబంధం సంబంధమే అన్న మాట అక్కడ స్థిరపడింది.

ఆ తర్వాత గొడవ “చెప్పాలా వద్దా” నుంచి “ఎక్కడ చెప్పాలి” మీదికి మళ్లింది. 2017లో ఆ కమిషన్ ఇన్‌ఫ్లుయెన్సర్లకు, కంపెనీలకు కలిపి తొంభైకి పైగా ఉత్తరాలు పంపింది. వాటిలో ఒక చిన్న సాంకేతిక విషయం ఉంది: ఫోన్‌లో ఇన్‌స్టాగ్రామ్ పోస్టు చూసేవాళ్లకు అప్పట్లో పొడవైన క్యాప్షన్‌లో మొదటి మూడు వరుసలే కనిపించేవి, మిగతాది చూడాలంటే “more” నొక్కాలి. కాబట్టి సంబంధం ఆ “more”కు పైనే తెలియాలి. #sp అన్నా, #partner అన్నా, “థాంక్యూ ఫలానా బ్రాండ్” అన్నా చాలామందికి అర్థం కాదని కూడా రాశారు. ఆ ఏడాదే జూన్‌లో ఇన్‌స్టాగ్రామ్ పేరు కింద కనిపించే “Paid partnership with” ట్యాగును ప్రకటించింది. ఇక సమస్య తీరిందని చాలామంది అనుకున్నారు. తీరలేదు. ఆ ట్యాగు చిన్న అక్షరాల్లో ఉంటుంది, కళ్లు బొమ్మ మీద ఉంటాయి. వేదిక ఇచ్చిన ట్యాగు ఒక్కటే అన్నిసార్లూ సరిపోదని, వెల్లడి తప్పించుకోలేనంత స్పష్టంగా ఉండాలని 2023 సవరణల్లో అమెరికా కమిషన్ తేల్చింది.

మన దేశానికి ఇది 2021లో వచ్చింది. 1985లో ప్రకటనల రంగం తనకు తాను పెట్టుకున్న సంస్థ ఆస్కీ, అంటే అడ్వర్టయిజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, ఆ ఫిబ్రవరిలో మార్గదర్శకాల ముసాయిదా విడుదల చేసి, మేలో తుదిరూపం ఇచ్చింది. జూన్ 14 తర్వాత పెట్టే పోస్టులకు అవి వర్తించాయి. వాటిలో గుర్తుంచుకోవలసినవి మూడు. ఇది యాడ్ అని తెలిపే గుర్తు మొదటి రెండు వరుసల్లో ఉండాలి, హ్యాష్‌ట్యాగుల గుంపులో కలపకూడదు. ఇన్‌ఫ్లుయెన్సర్ అడగకపోయినా, ఏ షరతూ లేకుండా పంపినా, ఉచితంగా వచ్చిన ప్రొడక్ట్ సంబంధం కిందికే వస్తుంది. మన దగ్గర “పీఆర్ ప్యాకేజీ వచ్చింది, డబ్బులేం ఇవ్వలేదు” అనే మాట ఇక్కడే వీగిపోతుంది. మూడోది వీడియో లెక్క. పదిహేను సెకన్లలోపు వీడియోలో గుర్తు కనీసం మూడు సెకన్లు నిలవాలి. దానికి మించి రెండు నిమిషాల్లోపు ఉంటే వీడియో నిడివిలో మూడో వంతు. రెండు నిమిషాలు, అంతకు మించితే ఆ బ్రాండ్ ప్రస్తావన సాగినంతసేపూ.

ఆస్కీ స్వీయ నియంత్రణ సంస్థ, జరిమానా వేయలేదు. ఆ అధికారం 2019 వినియోగదారుల రక్షణ చట్టం నుంచి వచ్చింది. దాని కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తప్పుదోవ పట్టించే యాడ్‌ను ఎండార్స్ చేసినవాళ్లకు పది లక్షల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వేయగలదు. ఏడాది పాటు ఎండార్స్‌మెంట్లు చేయకుండా నిషేధించగలదు, మళ్లీ తప్పితే మూడేళ్లు. కంపెనీ చెప్పిన మాట నిజమో కాదో తన వంతు జాగ్రత్తగా సరిచూసుకున్నానని చూపగలిగితే మాత్రం ఎండార్స్ చేసిన మనిషికి రక్షణ ఉంది. 2022 జూన్‌లో ఈ సంస్థ మార్గదర్శకాలు, 2023 జనవరిలో వినియోగదారుల వ్యవహారాల శాఖ చిన్న వివరణ పుస్తకం వచ్చాయి. వీడియో అయితే అక్షరాల్లో చూపడమే కాదు, నోటితో కూడా చెప్పాలని ఆ పుస్తకం అంటుంది. వెల్లడి కూడా ప్రచారం ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే ఉండాలి.

తెలుగులో చేసేవాళ్లకు అసలు తిరకాసు ఇక్కడే మొదలవుతుంది. ఇంగ్లీషు గుర్తులను నిఘంటువు పట్టుకుని మారిస్తే పని కాదు. “ప్రకటన” అంటే మనకు యాడ్ కూడా, మంత్రిగారి ప్రకటన కూడా. క్యాప్షన్ పైన ఒంటరిగా “ప్రకటన” అని ఉంటే ఏదో విషయం చెప్పబోతున్నారని అనుకునే అవకాశం ఉంది. “భాగస్వామ్యం” ఇంకా ఇబ్బంది, ఆ బ్రాండులో వాటా ఉన్నట్టు వినిపిస్తుంది. “ఫలానా వారి సౌజన్యంతో” అనేది టీవీలో విని విని ఎవరూ పట్టించుకోని మాటైపోయింది. జనం నోట్లో ఉన్నవి “యాడ్”, “పెయిడ్ ప్రమోషన్”. తెలుగు లిపిలో ఈ రెంటిలో ఒకటి రాసి, పక్కనే “డబ్బు తీసుకుని చేస్తున్నాను” అంటే అర్థం కాలేదనేవాళ్లు ఉండరు. “కొలాబ్” ఇన్‌ఫ్లుయెన్సర్లకు బాగా తెలిసిన మాటే, కానీ చూసే అమ్మమ్మకు అది ఇద్దరు కలిసి రీల్ చేయడమే.

మరి పైన చూసిన క్యాప్షన్‌ను దిద్దుదాం. రీల్ 45 సెకన్లు అనుకుందాం. బ్రాండు డబ్బిచ్చింది, సీసా ఉచితంగా పంపింది, కోడ్ మీద కమిషన్ కూడా ఇస్తోంది.

“పెయిడ్ ప్రమోషన్: ఈ రీల్‌కు ఫలానా బ్రాండ్ నాకు డబ్బు ఇచ్చింది. సీరం ఉచితంగా పంపారు. నా కోడ్‌తో కొంటే నాకు కమిషన్ వస్తుంది. ఆరు వారాలుగా రోజూ రాత్రి మూడు చుక్కలు రాస్తున్నాను. మధ్యాహ్నానికి వచ్చే జిడ్డు తగ్గినట్టు కనిపిస్తోంది. బుగ్గ మీద పాత మచ్చల్లో పెద్ద తేడా లేదు. ఇదే సమయంలో సన్‌స్క్రీన్ కూడా మార్చాను. మొదటి వారం ముక్కు పక్కన కొద్దిగా మంట పుట్టింది.”

ముందు చోటు సంగతి. “పెయిడ్ ప్రమోషన్” అన్నది మొట్టమొదటి మాట కావడానికి కారణం ఉంది. రీల్ చూసేటప్పుడు చాలా ఫోన్లలో క్యాప్షన్ ఒక వరుసకు అటూ ఇటూగానే కనిపిస్తుంది, రెండో వరుస దాకా వస్తుందన్న నమ్మకం లేదు. పైగా తెలుగు వరుసలో ఇంగ్లీషు కంటే తక్కువ మాటలు పడతాయి. మొదట పలకరింపు, తర్వాత రెండు ఎమోజీలు, ఆపైన గుర్తు పెడితే అది “more” కిందికి జారిపోతుంది. పోస్టు పెట్టాక వేరే ఖాతా నుంచి, చిన్న తెర ఉన్న ఫోన్‌లో, “more” నొక్కకుండా ఒకసారి చూస్తే చాలు, తప్పు ఉంటే వెంటనే తెలిసిపోతుంది.

డబ్బు, సీసా, కమిషన్ మూడు వేరువేరు సంబంధాలు. చాలామంది మొదటిది చెప్పి మూడోది వదిలేస్తారు. చూసేవాళ్ల జేబుకు నేరుగా ముడిపడింది మాత్రం మూడోదే. “అభిప్రాయం పూర్తిగా నాదే” అనే వాక్యం ఈ క్యాప్షన్‌లో కావాలనే లేదు. బ్రాండు స్క్రిప్ట్ చూసి రెండుసార్లు దిద్దించిన రీల్ కింద ఆ వాక్యం రాస్తే, గుర్తు పెట్టి కూడా అబద్ధం ఆడినట్టే.

ఇక “మచ్చలు మాయం” ఎందుకు పోయింది? 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం లెక్కలో కాస్మెటిక్ అంటే శుభ్రపరచడానికో, అందం పెంచడానికో, రూపాన్ని మార్చడానికో వాడేది. జబ్బుకు చికిత్స చేసేది మందు. మొటిమలు నయం చేస్తుంది, మంగు పోగొడుతుంది అనగానే సీరం మందుల గడప తొక్కినట్టే, దానికి ఆధారం అడుగుతారు. “జిడ్డు తగ్గినట్టు కనిపిస్తోంది” అన్నది కంటికి కనిపించే సంగతి. సన్‌స్క్రీన్ మార్చానని చెప్పడమూ అందుకే, తేడా దేనివల్ల వచ్చిందో విడదీయలేని స్థితి అది. ముందు, తర్వాత ఫొటోలు పెడితే ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళకు, ఫిల్టర్ లేకుండా తీసినవి కావాలి. 2021 ఫిబ్రవరిలో బ్రిటన్ ప్రకటనల ప్రమాణాల సంస్థ చర్మానికి ట్యాన్, అంటే ఎండకు నల్లబడిన రంగు, తెచ్చే ఉత్పత్తుల పోస్టుల్లో ఫిల్టర్లు వాడడాన్ని తప్పుపట్టింది. గుర్తు ఉందా లేదా అన్నదానితో పనిలేకుండా, ఫిల్టరే ఉత్పత్తి పనితనాన్ని పెంచి చూపిందని దాని వాదన.

45 సెకన్ల రీల్‌కు మూడో వంతు అంటే 15 సెకన్లు గుర్తు తెర మీద నిలవాలి. మొదటి 15 సెకన్లు పెట్టడం మేలు, చివర్లో పెడితే అప్పటికి సగంమంది వేలితో పైకి తోసేసి ఉంటారు. గుర్తును అడుగున పెడితే పేరు, క్యాప్షన్ దాన్ని కప్పేస్తాయి, కుడి అంచున లైక్, షేర్ బొత్తాలు వస్తాయి. తల పైనో, మధ్యకు కొంచెం కిందో పెడితే కనిపిస్తుంది. బాత్రూమ్ టైల్స్ తెల్లగా ఉంటాయి కాబట్టి తెల్ల అక్షరాల వెనక నల్ల పట్టీ వేయాలి. మొదటి వాక్యంలోనే నోటితో “ఇది పెయిడ్ ప్రమోషన్” అనాలి. యాప్‌లో అంటించే స్టిక్కర్ మీద ఆధారపడకుండా ఎడిటింగ్‌లోనే గుర్తును వీడియోలో కలిపేయడం ఇంకో జాగ్రత్త. ఎందుకంటే బ్రాండు అదే క్లిప్‌ను పది సెకన్లకు కోసి తన పేజీలోనో, యూట్యూబ్‌లోనో పెడుతుంది. అక్కడికి క్యాప్షన్ వెళ్లదు, “Paid partnership with” ట్యాగూ వెళ్లదు. స్టోరీలుగా మూడు ముక్కలు పెడితే మూడింటి మీదా గుర్తు ఉండాలి, మధ్య ముక్కను మాత్రమే చూసేవాళ్లుంటారు కనక.

“గుర్తు పైన పెడితే రీచ్ పడిపోతుంది, కాస్త కిందకి జరపండి” అని ఏజెన్సీ నుంచి మెసేజ్ రావడం ఈ రంగంలో కొత్తేం కాదు. ఒప్పందం రాసుకునేటప్పుడే గుర్తు మాట, చోటు, సెకన్లు అందులో చేర్పించుకుంటే ఆ మెసేజ్‌కు జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది. ఒప్పందం లేకుండా ఫోన్లో మాట్లాడుకుని గుర్తు కిందకి జరిపితే, రేపు నోటీసు వచ్చినప్పుడు జరపమన్నది ఎవరో చూపడానికి కాగితం ఉండదు, పోస్టు మీద ఉండేది ఇన్‌ఫ్లుయెన్సర్ పేరే.